పాత థీసిస్ కొత్త థీసిస్‌లో కనిపిస్తే

పీహెచ్‌డీ సమర్పణకు వచ్చిన స్కాలర్‌ని ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత వచ్చింది?" లైబ్రరీలో ఫైలు ఇచ్చి రిపోర్టు కోసం ఎదురుచూసేది ఆ ఒక్క అంకె కోసమే. పది లోపు వస్తే గైడు ముఖం వెలుగుతుంది. ముప్పై దాటితే ఇద్దరికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. అంకె ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దామని రిపోర్టు తెరిస్తే, మూలాల జాబితాలో మొట్టమొదట తరచుగా కనిపించేది ఏ అంతర్జాతీయ జర్నలో, వికీపీడియానో కాదు. పదేళ్ల కిందటో, పదిహేనేళ్ల కిందటో, చాలాసార్లు అదే డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లిన ఒక పాత థీసిస్.

అప్పుడు రెండు రకాల తొందరపాట్లు జరుగుతాయి. చూసినవాళ్లు "కాపీ కొట్టాడు" అని తేల్చేస్తారు. స్కాలరేమో "అందరూ రాసేదే కదా, మెషీన్‌కి ఏం తెలుసు" అంటాడు. రెండూ నిజం కావచ్చు, రెండూ కాకపోనూవచ్చు. ఏది నిజమో ఆ అంకె చెప్పదు. రంగు పూసిన వాక్యాలను ఒక్కొక్కటిగా చదివితేనే తెలుస్తుంది.

ఈ పాత థీసిస్‌లు మెషీన్ కళ్లబడటం ఇటీవలి సంగతి. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం, పీహెచ్‌డీ ఇచ్చిన ప్రతి విశ్వవిద్యాలయం థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని కూడా అందజేయాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అలా నిండుతూ వచ్చింది. ఇప్పుడక్కడ ఐదు లక్షలకు పైగా థీసిస్‌లున్నాయి. అంతకుముందు కాగితం మీద ఇచ్చిన వాటిని కూడా స్కాన్ చేయించి ఎక్కించారు. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఒకటి, లైబ్రరీ మూల గదిలో ఒకటి దుమ్ము కొట్టుకుని ఉండే ప్రతి ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని దించుకోగలిగిన పీడీఎఫ్. కాపీ కొట్టాలనుకున్నవాడికి సులువైంది, పట్టుకోవాలనుకున్నవాడికీ సులువైంది. పట్టుకునే పనికి 2019 సెప్టెంబరు నుంచి శోధ్‌శుద్ధి అనే పథకం కింద విశ్వవిద్యాలయాలకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. మొదట ఉర్కుండ్ వచ్చింది, దాని తర్వాత డ్రిల్‌బిట్. టర్నిటిన్‌ని సొంత ఖర్చుతో కొనుక్కునే సంస్థలూ ఉన్నాయి.

పేర్లు వేరైనా వీటి పని పద్ధతి స్థూలంగా ఒకటే. కంపెనీలు తమ కిటుకులన్నీ బయటపెట్టవు కానీ మూల సూత్రం రహస్యమేమీ కాదు. ముందు పీడీఎఫ్ నుంచి బొమ్మలు, అలంకారాలు తీసేసి ఉత్త అక్షరాలను లాగుతుంది. ఆ అక్షరాలను చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ముక్కకు ఐదు పదాలనుకుందాం. ఒకటి నుంచి ఐదో పదం దాకా ఒక ముక్క, రెండు నుంచి ఆరో పదం దాకా ఇంకొకటి, మూడు నుంచి ఏడు దాకా మరొకటి. ఇలా ఒకదాని మీదుగా ఒకటి జరుగుతూ పోతుంది. ప్రతి ముక్కనూ ఒక సంఖ్యగా మార్చి, వాటిలో కొన్నింటిని ఏరి దాచుకుంటుంది. రిపాజిటరీలో ఉన్న లక్షల థీసిస్‌ల సంఖ్యలూ అలాగే ముందే దాచి ఉంటాయి. కొత్త థీసిస్ రాగానే దాని సంఖ్యల్ని వాటితో సరిచూసి, ఒకే చోట చాలా సంఖ్యలు కలిస్తే ఆ భాగానికి రంగు పూస్తుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మధ్యలో ఒక పదం మారిస్తే దాన్ని తాకే ఐదు ముక్కలే చెడతాయి, అటూ ఇటూ ఉన్నవి అలాగే నిలుస్తాయి. అందుకే "ఇంపార్టెంట్" తీసి "సిగ్నిఫికెంట్" పెట్టి తప్పించుకుందామనుకుంటే, మధ్యలో చిన్న చిల్లుతో పేరా మొత్తం రంగుతోనే తిరిగొస్తుంది. యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్స్ షాపుల్లో "పర్సంటేజీ తగ్గించబడును" అనే బేరం నడిచేది దీని మీదే. ప్రతి మూడో పదాన్నీ మార్చేస్తే అంకె తగ్గుతుంది. దాంతోపాటు అర్థమూ పోతుంది. రేపు వైవాలో ఆ వాక్యం చదివి వినిపించమంటే స్కాలర్ నోట మాట రాదు.

ఇంకో సంగతి. మెషీన్‌కి పదాల వరుస తెలుసు గానీ వాటిని ఎవరు ముందు రాశారో, ఎందుకు రాశారో తెలియదు. 1996లో టైపు చేసిన థీసిస్‌ని 2015లో స్కాన్ చేసి ఎక్కించి ఉండొచ్చు. ఎక్కించిన తేదీ చూసి "కొత్తది" అనుకుంటే పొరపాటు. శోధ్‌గంగ పేజీలో పూర్తయిన తేదీ, ఎక్కించిన తేదీ విడివిడిగా ఉంటాయి, రెండూ చూడాలి. ఒక్కోసారి వరుసే తిరగబడుతుంది. స్కాలర్ 2017లో జర్నల్‌లో వేసిన వ్యాసాన్ని 2020లో ఇంకెవరో తమ థీసిస్‌లో దింపేసుకుంటే, 2024 రిపోర్టులో ఆ 2020 థీసిస్ మూలంగానూ అసలు రచయిత దొంగగానూ కనిపిస్తారు.

ఇప్పుడు ఒక రిపోర్టుని విప్పి చూద్దాం. ఇది నేను కూర్చిన ఉదాహరణ. ఇందులోని స్కాలరూ థీసిస్‌లూ ఊహించినవే. కానీ సోషల్ సైన్స్ విభాగాల రిపోర్టులు చదివేవాళ్లకు ఇందులో ఏదీ కొత్తగా అనిపించదు.

అనంతపురం జిల్లాలో మహిళా స్వయం సహాయక సంఘాల రుణాల మీద 2024లో ఇంగ్లీషులో సమర్పించిన థీసిస్. మొత్తం అరవై వేల పదాలు. రిపోర్టులో 34 శాతం వచ్చింది, అంటే 20,400 పదాలకు రంగు. మూలాల జాబితాలో పైన ఉన్నది 2011లో ఇదే అంశం మీద, ఇదే డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్లిన థీసిస్. దాని వాటా 14 శాతం, అంటే 8,400 పదాలు. స్కాలర్ సొంతంగా జర్నళ్లలో వేసిన రెండు వ్యాసాలది 6 శాతం. నాబార్డ్ వార్షిక నివేదికలది 5. మిగిలిన 9 శాతం ఒక్కొక్కటీ ఒక శాతానికి మించని చిన్నాచితకా మూలాలది.

లైబ్రరీవాళ్లు చేసే మొదటి పరీక్ష ఒకటుంది. పాత థీసిస్‌ని జాబితాలోంచి తీసేసి మళ్లీ లెక్క కట్టిస్తారు. 34లోంచి 14 పోతే 20 రావాలి. కానీ ఈ రిపోర్టు 28 దగ్గర ఆగింది. కారణం, ఒకే వాక్యం నాలుగు చోట్ల దొరికితే చాలా టూల్స్ దాన్ని ఎక్కువగా కలిసిన మూలం ఖాతాలోనే వేస్తాయి. ఆ మూలాన్ని తీసేయగానే దాని వెనక దాక్కున్న మిగతా మూడు బయటికొస్తాయి. ఇక్కడ బయటపడినవి 2016లో వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక థీసిస్, ఒక పాఠ్యపుస్తకం. అంటే రంగు పడిన వాక్యాల్లో సగానికి పైగా 2011 థీసిస్ సొంతవి కావని, అంతకుముందు నుంచో ఆ తర్వాత నుంచో చేతులు మారుతున్నవని తేలింది. "ఆమె థీసిస్‌ని ఇతను కాపీ కొట్టాడు" అనే మొదటి ఊహ ఇక్కడే కొంచెం బలహీనపడింది.

తర్వాత ఆ 8,400 పదాలు ఏ అధ్యాయాల్లో ఉన్నాయో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పది నిమిషాల పని అయినా ఎక్కువగా ఎవరూ చేయరు.

వాటిలో 900 పదాలు సర్టిఫికెట్, డిక్లరేషన్, అనుబంధంలోని ప్రశ్నావళి. "దిస్ ఈజ్ టు సర్టిఫై దట్" అని మొదలయ్యే పేజీ ఆ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన ప్రతి థీసిస్‌లోనూ ఒకేలా ఉంటుంది, వేరుగా ఉంటేనే తప్పు. శోధ్‌గంగలో దీనికి `02_certificate.pdf` లాంటి పేరుతో ప్రత్యేక ఫైలే ఉంటుంది. దీన్ని పరీక్షకు పంపనక్కర్లేదు. ప్రశ్నావళి సంగతి కాస్త వేరు. 2011 స్కాలర్ తయారుచేసిన ప్రశ్నల్నే ఇప్పుడూ అడగడంలో తప్పు లేదు. అదే జిల్లాలో, అవే ప్రశ్నలతో, పదమూడేళ్ల తర్వాత వచ్చిన జవాబులు పోల్చి చూడటం మంచి పరిశోధనే. అయితే ప్రశ్నలు ఎవరివో మెథడాలజీ అధ్యాయంలో చెప్పాలి. చెప్పకపోతే మంచి పరిశోధన కూడా దొంగతనంలా కనిపిస్తుంది.

3,000 పదాలు జిల్లా పరిచయం. మన సోషల్ సైన్స్ థీసిస్‌లలో మూడో అధ్యాయమో నాలుగోదో తప్పకుండా "ప్రొఫైల్ ఆఫ్ ద స్టడీ ఏరియా" ఉంటుంది. అనంతపురం మీద అయితే దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లా ఇదేనన్న వాక్యంతోనే అది మొదలవుతుంది. ఆ మాట ఎవరు ముందు అన్నారో, ఏ లెక్కల మీద అన్నారో ఎవరూ అడగరు. గెజిటీర్ నుంచి, జిల్లా ప్రణాళికా విభాగం హ్యాండ్‌బుక్ నుంచి, సెన్సస్ పుస్తకం నుంచి తీసుకున్న వాక్యాలు తరం తర్వాత తరం థీసిస్‌లలో దిగిపోతూ ఉంటాయి. ఇక్కడ రెండు థీసిస్‌లూ ఒకే గెజిటీర్ నుంచి దింపాయా, లేక కొత్తది పాతదాన్ని చూసి దింపిందా?

దీన్ని తేల్చడానికి మన పండితులకు బాగా తెలిసిన ఉపాయమే ఉంది. తాళపత్ర ప్రతుల్ని పరిష్కరించేవాళ్లు ఏ ప్రతికి ఏది మాతృకో కనిపెట్టింది ఒప్పుల్ని చూసి కాదు, తప్పుల్ని చూసి. రెండు ప్రతుల్లోనూ ఒకే చోట ఒకే లేఖక దోషం ఉంటే ఒకటి రెండోదాని నుంచి పుట్టినట్టు, లేదా రెండూ ఒకే దోషమున్న మూడోదాని నుంచి పుట్టినట్టు. థీసిస్‌లకూ అదే పని చేస్తుంది. మన ఉదాహరణలో 2024 థీసిస్ "జిల్లాలో 63 మండలాలున్నాయి" అంటుంది. 2011లో అది నిజం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఉమ్మడి అనంతపురం రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఇప్పటి అనంతపురం జిల్లాలో 31 మండలాలే ఉన్నాయి. హ్యాండ్‌బుక్‌నో కలెక్టరేట్ వెబ్‌సైట్‌నో తెరిచి చూసినవాళ్లెవరూ 2024లో 63 అని రాయరు. ఉమ్మడి జిల్లానే అధ్యయనం చేస్తే ఆ మాట చెప్పి రాస్తారు. 2016లో, మళ్లీ 2019లో జిల్లాలు మారిన తెలంగాణలోనూ ఇదే జరుగుతుంది. పాత మెదక్‌నో పాత వరంగల్‌నో వర్ణిస్తూ, ముందుమాటలో మాత్రం కొత్త జిల్లా పేరు పెట్టుకున్న అధ్యాయాలు మెషీన్ చెప్పకపోయినా దొరికిపోతాయి.

కాబట్టి ఈ 3,000 పదాలు పాత థీసిస్ నుంచే వచ్చాయి. దీనికేం చేయాలి? నా అభిప్రాయంలో ఇది సోమరితనం, మోసం తక్కువ. పరిశోధన ఫలితంలో దీని పాత్ర ఏమీ లేదు. అలా అని వదిలేయకూడదు. యూజీసీ నిబంధనల్లో మినహాయింపులున్నది ఆధారం చూపిన ఉటంకింపులకు, రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతల పేజీలకు, సాధారణ పారిభాషిక పదాలు, చట్టాలు, ప్రామాణిక సంకేతాలు, సమీకరణాలకు మాత్రమే. జిల్లా పరిచయం వాటిలో లేదు. సరైన చికిత్స వాక్యాలు తిప్పి రాయడం కాదు, ఆ అధ్యాయాన్ని కోయడం. సంఘాల రుణాల మీద రాస్తున్న థీసిస్‌కి ఆ జిల్లా ఖనిజాలూ అడవుల విస్తీర్ణమూ ఎందుకు? బ్యాంకు శాఖలు ఎన్ని, సంఘాలు ఎన్ని, వర్షాధార సేద్యం ఎంత, ఈ మూడూ తాజా లెక్కలతో, ఆధారంతో ఏడెనిమిది వందల పదాల్లో చెబితే చాలు.

2,700 పదాలు పూర్వ పరిశోధనల సమీక్ష. ఇది జిల్లా పరిచయం కన్నా బరువైన తప్పు, కానీ రంగు చూస్తే అలా అనిపించదు. ఇందులో ఒక్కో అధ్యయనానికి ఒక్కో పేరా ఉంటుంది, దాని చివర అసలు రచయిత పేరూ సంవత్సరమూ ఉంటాయి. "రిఫరెన్స్ ఇచ్చాను కదా" అంటాడు స్కాలర్. ఇచ్చాడు, కానీ చదవని వ్యాసాలకు ఇచ్చాడు. ఆ వ్యాసాల్ని చదివి క్లుప్తీకరించింది 2011 స్కాలర్, ఆ వాక్యాలు ఆమెవి. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇది పట్టుకోవడానికి రెండు ఆనవాళ్లు చూడాలి. ఒకటి, అధ్యయనాల వరుస. రెండు థీసిస్‌లలోనూ వరుసగా ఇరవై అధ్యయనాలు అదే క్రమంలో వస్తే అది కాకతాళీయం కాదు. రెండోది, ఆ వరుస ఆగిపోయే సంవత్సరం. సమీక్ష 2009 దాకా దట్టంగా నడిచి, ఆ తర్వాత పదిహేనేళ్లకు రెండు మూడు పేరాలే ఉంటే మొదటి భాగం ఎవరి చదువో తెలిసిపోతుంది. చాలాచోట్ల పరీక్షకు ముందు రిఫరెన్సుల జాబితాను తీసేస్తారు కాబట్టి, రెండు జాబితాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయినా మెషీన్ చెప్పదు. మనిషే పక్కపక్కన పెట్టి చూడాలి. దీనికి తిరగరాత మందు కాదు, చదవడమే. మూల వ్యాసం దొరకనప్పుడు పాత థీసిస్‌లో ఉటంకించినట్టు చెప్పి, ఆ థీసిస్‌కే ఆధారం ఇవ్వాలి. సమర్పించిన థీసిస్‌ని రిఫరెన్సుగా ఇవ్వడం చిన్నతనమనుకునే గైడ్లు ఇంకా ఉన్నారు. ఎందుకో నాకర్థం కాదు.

1,200 పదాలు మెథడాలజీ. శాంపిల్ ఎలా తీశారు, కై-స్క్వేర్ పరీక్ష అంటే ఏమిటి లాంటివి. ఒకే గైడు దగ్గర పనిచేసిన స్కాలర్లందరిలోనూ ఈ అధ్యాయం ఇంచుమించు ఒకటే. సైన్స్ ల్యాబుల్లో అయితే మరీను. ఒకే యంత్రం, ఒకే రసాయనం, ఒకే ఉష్ణోగ్రత అయినప్పుడు కొత్త వాక్యం కోసం పాకులాడితే స్పష్టత పోతుంది. ఇక్కడ కొంత పోలిక సహజమని నా అభిప్రాయం. పద్ధతి ఏ థీసిస్‌లోదో చెప్పి, తాను మార్చిందేమిటో రాసి, మిగతాది క్లుప్తంగా చెప్పడం మంచిది. కై-స్క్వేర్ అంటే ఏమిటో థీసిస్‌లో వివరించనే అక్కర్లేదు.

మిగిలింది 600 పదాలు. మొత్తం థీసిస్‌లో ఒకే ఒక్క శాతం. రిపోర్టు మీద కంటికి ఆనని గీత. ఇవి ఉన్నది ఫలితాలు, ముగింపు, సూచనల అధ్యాయంలో.

2018 జూలైలో వచ్చిన యూజీసీ నిబంధనలు ఈ భాగాన్ని విడిగా చూశాయి. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, నిర్ధారణలు, సిఫారసులు స్కాలర్ సొంత ఆలోచనతోనే ఉండాలని, వాటిలో పోలికలు ఉండకూడదని చెప్పాయి. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే వరస పదాలు పద్నాలుగు దాకా మినహాయింపు. అంటే జిల్లా పరిచయంలోని మూడు వేల పదాల కన్నా ఇక్కడి ఆరు వందలే ప్రమాదకరం. శాతాన్ని చూసి తృప్తిపడే పద్ధతిలో ఇదే పెద్ద లోపం. స్కాలర్ మిగతా భాగాల్ని కోసి అంకెను పది లోపుకు తగ్గించేస్తే, ఈ 600 పదాలు అందులో హాయిగా దాటిపోతాయి.

ఇవి ఎలాంటి పదాలో చూడాలి. "సభ్యుల్లో అత్యధికులు రుణాన్ని ఉత్పాదక అవసరాలకే వాడారు. చదువుకున్న సభ్యుల్లో తిరిగి చెల్లింపు మెరుగ్గా ఉంది" అని పాత థీసిస్‌లో ఉంది, కొత్తదాంట్లోనూ అవే వాక్యాలున్నాయి. నిజంగానే పదమూడేళ్ల తర్వాతా అదే ఫలితం వచ్చి ఉండొచ్చు కదా? రావచ్చు. తేల్చడానికి పాత థీసిస్‌తో పనే లేదు, కొత్త థీసిస్‌లోని పట్టికలు తెరిస్తే చాలు. పట్టికలో ఉత్పాదక అవసరాలకు వాడినవాళ్లు 41 శాతమే అయితే "అత్యధికులు" అన్న మాట ఆ పట్టిక నుంచి పుట్టలేదు, పక్క థీసిస్ నుంచి వచ్చింది. పట్టిక నిజంగానే 70 శాతం చూపిస్తే ఫలితం అతనిదే, వాక్యం మాత్రం అరువుది. మొదటిది డిపార్ట్‌మెంట్ స్థాయి కమిటీకి వెళ్లాల్సిన విషయం, ఎందుకంటే అక్కడ ప్రశ్న వాక్యాల గురించి కాదు, సర్వే జరిగిందా అన్న దాని గురించి. రెండోది తన పట్టికను ముందు పెట్టుకుని మళ్లీ రాసుకోవాల్సిన విషయం.

పాత థీసిస్ కాకుండా మిగిలిన వాటినీ చూసి లెక్క పూర్తి చేద్దాం. సొంత వ్యాసాల 6 శాతాన్ని, అవి ఈ పరిశోధన నుంచే వచ్చాయని థీసిస్‌లో చెప్పి, గైడు ధ్రువీకరిస్తే విశ్వవిద్యాలయాలు సాధారణంగా పక్కనపెడతాయి. చెప్పకుండా వాడుకుంటే అదీ తప్పేనని యూజీసీ 2020లో మరోసారి గుర్తుచేసింది. నాబార్డ్ వాక్యాల్లో సగం ఉటంకింపులే, కానీ కొటేషన్ గుర్తులు పెట్టకుండా మార్జిన్ జరిపి మాత్రమే ఇవ్వడంతో మెషీన్ వాటిని ఉటంకింపులుగా పోల్చుకోలేదు. చిన్న మూలాల 9 శాతంలో ఐదు శాతం పద్నాలుగు పదాల లోపు తునకలే, "సోషల్ అండ్ ఎకనామిక్ ఎంపవర్‌మెంట్ ఆఫ్ రూరల్ విమెన్" లాంటివి. ఇవన్నీ, సర్టిఫికెట్ పేజీలతో కలిపి తీసేస్తే 9,000 పదాలు పోయి 11,400 మిగులుతాయి. అంటే 19 శాతం.

యూజీసీ నిబంధనల్లో పది దాకా జరిమానా లేదు. పది దాటి నలభై దాకా మొదటి స్థాయి: ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాది పాటు సమర్పణకు వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మన స్కాలర్‌ది మొదటి స్థాయి. 34కీ 19కీ జరిమానా ఒకటే, కాబట్టి ఇంత విడమరచి చూడటం వృథా అనిపించవచ్చు. కానీ ఆ ఆరు నెలల్లో ఏం చేయాలో చెప్పేది ఈ విడమరపే. లేకపోతే ఆ ఆరు నెలలూ జిరాక్స్ షాపు పాలవుతాయి.

తెలుగులో రాసిన థీసిస్‌ల సంగతి పూర్తిగా వేరు. తెలుగు శాఖల్లో రిపోర్టు తరచుగా సున్నాకో ఒకటికో దగ్గరగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. నిజానికి మెషీన్ చాలా సందర్భాల్లో చదవనే లేదు. పాత తెలుగు థీసిస్‌లు అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసినవి. తెరమీద, కాగితం మీద అవి చక్కని తెలుగే. కానీ పీడీఎఫ్ నుంచి అక్షరాలు లాగితే వచ్చేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం. కొత్త స్కాలర్ యూనికోడ్‌లో టైపు చేస్తే అదే వాక్యం మక్కీకి మక్కీ దింపినా రెండూ కలవవు. ఇంకా పాతవి ఉత్త స్కాన్ బొమ్మలు, వాటిలో అక్షరాలే ఉండవు. రెండూ యూనికోడ్‌లో ఉన్నా తెలుగు పదం చివర మారుతూనే ఉంటుంది. "కవిత్వంలో" అన్నది "కవిత్వమునందు" అయితే మెషీన్‌కి అది వేరే పదం. వ్యావహారికాన్ని గ్రాంథికం చేస్తే పేరా మొత్తం కొత్తదైపోతుంది. కలిసేవి ఏమిటంటే పోతన పద్యాలు, సూత్రాలు, నిఘంటు అర్థాలు, అంటే కలవాల్సినవే. ఇంగ్లీషు థీసిస్‌ని తెలుగులోకి దింపినా దాదాపు అంతే, సున్నా వస్తుంది. కాబట్టి తెలుగు థీసిస్‌కి వచ్చిన తక్కువ శాతాన్ని శుభ్రతకు సాక్ష్యంగా తీసుకోకూడదు. అదే కవి మీద, అదే ప్రక్రియ మీద అంతకుముందు వచ్చిన థీసిస్‌లు ఏవో శోధ్‌గంగలో విషయం పేరుతో వెతికి, రెండు మూడింటి ముగింపు అధ్యాయాలు చదివే పరీక్షకుడే అక్కడ ఇప్పటికీ అసలైన సాధనం.

ఇంకో రకం పోలిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది అమాయకుల్ని భయపెడుతుంది. తుది థీసిస్ పరీక్షకు ఇచ్చినప్పుడు 90 పైన శాతం వచ్చి, మూలంగా సొంత విశ్వవిద్యాలయం పేరే కనిపిస్తుంది. ఆర్నెల్ల ముందు ప్రీ-సబ్మిషన్ కోసం ఎక్కించిన డ్రాఫ్టు రిపాజిటరీలో నిలిచిపోయింది, అంతే. తానే రాసింది తనతోనే కలిసింది. టర్నిటిన్‌లో డ్రాఫ్టు ఎక్కించేటప్పుడు రిపాజిటరీలో దాచొద్దని ఎంచుకునే వీలుంది, కానీ దాన్ని ఎంచుకోవాల్సింది అసైన్‌మెంట్ తయారుచేసే అధ్యాపకుడో లైబ్రరీ అధికారో. ముందే నిలిచిపోయిన ప్రతిని తొలగించమని సంస్థ అడ్మినిస్ట్రేటర్‌ని అడగవచ్చు. ఇదే కోవలో ఎంఫిల్ కూడా ఉంది. 2022లో యూజీసీ ఎంఫిల్‌ని ఎత్తేసింది గానీ, అప్పటికే ఎంఫిల్ చేసి అదే అంశాన్ని పీహెచ్‌డీకి పెంచుకున్నవాళ్లు ఇంకా సమర్పిస్తూనే ఉన్నారు. పాత డిసర్టేషన్ మీద పేరు అదే అయినంత మాత్రాన అది చెల్లిపోదు. ఒక డిగ్రీకి ఇచ్చిన పనిని ఇంకో డిగ్రీకి మళ్లీ చూపించినట్టే. ఎంఫిల్‌లో ఎంత చేశారో, పీహెచ్‌డీలో కొత్తగా ఏం చేశారో మొదటి అధ్యాయంలోనే రాయాలి.

రిపోర్టుకి జతగా గైడు ఒక పేజీ నోటు రాస్తే సగం గొడవలు కమిటీ దాకా వెళ్లవు. ఏ సాఫ్ట్‌వేర్, ఏ తేదీ, ఏ భాగాలు తీసేసి పరీక్షించారు, ఎన్ని పదాల లోపు పోలికల్ని వదిలేశారు అన్నవి మొదట రాయాలి, ఎందుకంటే సెట్టింగు మారిస్తే అదే థీసిస్‌కి అంకె మారిపోతుంది. దాని కింద మొదటి ఐదు మూలాలు, ఒక్కోటి ఏ అధ్యాయంలో కలిసింది, ఎందుకు కలిసింది, ఏం చేశారు అన్నవి ఒక్కో వాక్యంలో రాస్తే చాలు. పాత థీసిస్ ఆ ఐదింటిలో ఉంటే దాని ముగింపు అధ్యాయాన్ని తాను చదివానని గైడు సంతకం పెట్టాలి. చదవకుండా పెట్టడానికి చెయ్యి వెనకాడే సంతకం అదొక్కటే.